తొడ వాచిన పెయ్య, ఇంకా వాపు రాని కోడె: ఒకే మందలో జబ్బవాపు

మందలో మొత్తం 11 పశువులు. నాలుగు పాడి ఆవులు, రెండు ఎద్దులు, ఐదు దూడలు. కిందటి ఏడాది వానలకు ముందు ఆరు నెలలు దాటిన వాటన్నిటికీ జబ్బవాపు టీకా పడింది. ఈసారి మాత్రం రైతు పొలం పనుల్లో ఉండి, విత్తనం పడ్డాక చూద్దామని వాయిదా వేశాడు. తొలి పెద్ద వాన పడి పది రోజులు దాటింది. పక్క చేలో నీటి గుంట తవ్వి, ఆ మట్టిని మేత బీడు అంచున పోశారు. ఆ మట్టి మీద కొత్త గడ్డి పొట్టిగా, లేతగా మొలిచింది. దూడలు దాన్ని వేళ్లతో సహా పీకి మేస్తున్నాయి.

మొదట జబ్బుపడింది 14 నెలల సంకరజాతి పెయ్య. మందలో అన్నిటికన్నా ఏపుగా పెరిగినది, బరువు సుమారు 160 కిలోలు. సాయంత్రం మేత నుంచి వస్తూ కుడి వెనక కాలు ఈడుస్తుంటే, ఎద్దు తన్ని ఉంటుందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఆముదం రాసి, వేడి నీళ్ల కాపడం పెట్టారు. రాత్రి దాణా ముట్టలేదు. తెల్లవారేసరికి తొడ పైభాగం ఉబ్బిపోయి ఉంది. అప్పుడు ఫోన్ చేశారు.

నేను వెళ్లేసరికి పెయ్య నిలబడే ఉంది కానీ తల వాల్చేసింది, నెమరు లేదు. రైతు మొదటి మాట, "డాక్టర్ గారూ, రాత్రి ఒళ్లు కాలిపోయింది. ఇప్పుడు చల్లబడింది, జ్వరం తగ్గినట్టుంది." థర్మామీటర్ పెడితే 100.2 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పశువుకు 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. అంటే జ్వరం తగ్గి మామూలుకు రాలేదు, మామూలు కన్నా కిందికి జారింది. జబ్బవాపులో తొలి గంటల్లో 106, 107 దాకా పోయిన జ్వరం, విషం ఒళ్లంతా పాకి పశువు చివరి దశకు వచ్చేసరికి ఇలా దిగిపోతుంది. ఇంట్లోవాళ్లకు ఊరటగా కనిపించేది నాకు అన్నిటికన్నా చెడ్డ గుర్తు.

వాపు మీద చేయి వేశాను. అంచుల్లో ఇంకా వేడిగా ఉంది, అక్కడ నొక్కితే పెయ్య కాలు లాక్కుంది. మధ్యలో మాత్రం చర్మం చల్లగా, ఎండిన తోలులా బిగుసుకుని నల్లబారింది. అక్కడ ఎంత నొక్కినా పశువు పట్టించుకోలేదు. వేళ్ల కింద చిటచిటమంటూ గాలి బుడగలు కదిలాయి. వేలితో తడితే బోలు శబ్దం వచ్చింది.

ఆ చిటచిట ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరూ నిర్ధారణకు రాకూడదు. చంకలోనో ఛాతీ పక్కనో చిన్న గాయమై, నడిచినప్పుడల్లా గాలి చర్మం కిందికి పీల్చుకుపోయినా అదే శబ్దం వస్తుంది. కానీ అలాంటి పశువు హాయిగా మేస్తుంది, దానికి జ్వరం ఉండదు, చర్మం కింద గాలి ఉన్నా కండరం బాగానే ఉంటుంది. పాము కాటు వాపులో గాలి ఉండదు. అది ఎక్కువగా మూతి మీదో కాలి కింది భాగంలోనో ఉంటుంది. గొంతువాపు వ్యాధిలో వాపు గొంతు కింద వచ్చి ఊపిరి కష్టమవుతుంది. ఎముక విరిగితే కాలు అసలు మోపదు, అయినా మొదటి రోజే మేత మానేయదు. ఇక్కడ మాత్రం అన్నీ ఒకవైపే చూపిస్తున్నాయి. ఏపుగా పెరుగుతున్న, ఏడాది దాటిన పెయ్య, కొత్త వానలు, బయట గాయం లేకుండా పెద్ద కండరంలో గాలితో వాపు, ఒక్క రాత్రిలో కూలిన ఆరోగ్యం. టీకా పడిందా అని అడిగితే పడిందనే చెప్పారు. ఆ జవాబు సంగతి తర్వాత చెబుతాను.

ఈ జబ్బు తెచ్చేది క్లాస్ట్రిడియం షోవియై అనే బ్యాక్టీరియా. గాలి తగలని చోటే అది పెరుగుతుంది. నేలలో మాత్రం గట్టి పొర కట్టుకుని స్పోర్ల రూపంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎండ, వాన దాన్ని ఏమీ చేయలేవు. వానకు నీరు పారినా, గుంట తవ్వి అడుగు మట్టి పైకి తెచ్చినా స్పోర్లు గడ్డి మొదళ్లకు చేరతాయి. పశువు గడ్డితో పాటు మట్టినీ మింగుతుంది. పేగుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి కండరాల్లోకి వెళ్లి స్పోర్లు నిద్రలో ఉంటాయి. అప్పటిదాకా జబ్బు లేదు. తర్వాత ఆ కండరానికి ఒక దెబ్బ తగులుతుంది. ఇంకో పశువు కుమ్మవచ్చు, గట్టు దూకుతూ జారవచ్చు, బండిలో తోలుకెళ్లేటప్పుడు కమిలిపోవచ్చు. కమిలిన చోట రక్తం పారడం తగ్గి ఆక్సిజన్ పడిపోతుంది. అక్కడ స్పోరు మొలుస్తుంది, విషం చిమ్ముతుంది, చుట్టుపక్కల కండను చంపుతుంది. చచ్చిన కండలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు "ఎద్దు తన్నింది" అన్నప్పుడు నేను కాదనను. తన్ని ఉండొచ్చు. కానీ తన్నడం వల్ల చచ్చేంత జబ్బు రాదు, ముందే కండలో దాగి ఉన్నది లేస్తుంది.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. ఇది గాలికుంటులా ఒక పశువు నుంచి పక్క పశువుకు అంటుకునేది కాదు. రెండు మూడు పశువులు వరసగా పడిపోతే, అవన్నీ ఒకే బీడులో ఒకే మట్టి మింగాయని అర్థం. కాబట్టి జబ్బు పశువును విడిగా కట్టేసి మిగతావాటిని అదే బీడుకు తోలితే లాభం లేదు. మందనే అక్కడి నుంచి మార్చాలి.

పెయ్య విషయానికి వస్తే, ఆశ తక్కువని రైతుకు ముందే చెప్పి వైద్యం మొదలుపెట్టాను. కిలోకు 40,000 యూనిట్ల లెక్కన 64 లక్షల యూనిట్ల క్రిస్టలైన్ పెన్సిలిన్ మెడ సిరలోకి ఇచ్చాను. నెమ్మదిగా పనిచేసే ప్రొకెయిన్ పెన్సిలిన్‌ను కొంత మంచి కాలి వైపు కండలోకి, కొంత వాపు అంచు చుట్టూ నాలుగైదు చోట్ల ఇచ్చాను. వాపు మధ్యలో ఇవ్వలేదు, అక్కడ రక్తమే లేదు. సిరలోకి ఎక్కించిన మందు కూడా చచ్చిన కండలోకి పోదు. బతికి ఉన్న అంచు దాటి జబ్బు పాకకుండా ఆపడమే మందు చేయగలిగింది. నొప్పికి, విష ప్రభావానికి మెలోక్సికామ్ కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున 80 మిల్లీగ్రాములు, దానితో పాటు సెలైన్ పెట్టాను.

వాపు కోసి గాలి వదలమని పక్కింటి పెద్దాయన పట్టుబట్టాడు. కోసి, చచ్చిన కండ తీసి, గాలి తగలనిచ్చే పద్ధతి ఉంది. చిన్న వాపుతో, చురుగ్గా ఉన్న పశువుకు దానివల్ల కొంత మేలు జరుగుతుంది. కానీ ఈ పెయ్యలో తొడ లోతుల నుంచి తుంటి దాకా పోయింది. కోస్తే ఆ రసం కొట్టం నేలంతా కారుతుంది, కోట్ల స్పోర్లు పశువుల కాళ్ల కిందే పరుచుకుంటాయి. పెయ్యకు పెద్దగా దక్కేది లేదు, వచ్చే ఏళ్లకు మాత్రం జబ్బును నాటినట్టవుతుంది. అందుకే కత్తి తీయలేదు. మధ్యాహ్నానికి పడుకుంది, సాయంత్రానికి పోయింది. కుంటు కనిపించినప్పటి నుంచి దాదాపు 24 గంటలు. ఈ జబ్బులో 12 నుంచి 48 గంటల్లో చాలా పశువులు పోతాయి. వాపు నాలుక అడుగునో, డయాఫ్రంలోనో, గుండె కండలోనో వస్తే బయటికి ఏమీ కనిపించకుండానే తెల్లారేసరికి చచ్చి పడి ఉంటాయి.

పెయ్య ఇంకా బతికి ఉండగానే నేను అడిగింది మిగతా పది పశువులకూ థర్మామీటర్ పెట్టడానికి సాయం. ఇంట్లోవాళ్ల ధ్యాసంతా పెయ్య మీదే ఉంది, "అవి బాగానే ఉన్నాయి కదా" అన్నారు. అయినా ఒక్కొక్కటే చూశాం. తొమ్మిదింటికి జ్వరం లేదు. 12 నెలల కోడెదూడకు 105.8 ఉంది. అది గడ్డి కొరుకుతూనే ఉంది, వాపు ఎక్కడా లేదు. నడిపిస్తే ఎడమ ముందు కాలు కొంచెం బిగుసుగా వేసింది, అంతే. జబ్బ మీద రెండు చేతులూ పెట్టి పోల్చి చూస్తే ఎడమవైపు కాస్త వేడి. మామూలు రోజుల్లో ఇలాంటి పశువును ఎవరూ డాక్టర్‌కు చూపించరు.

దానికి వెంటనే పెయ్యకు ఇచ్చిన మోతాదులోనే సిరలోకి పెన్సిలిన్ ఇచ్చి, తర్వాత రోజూ కండలోకి కొనసాగించాం. అదే రాత్రి జబ్బ మీద అరచేయంత వాపు వచ్చింది, కొంచెం చిటచిట కూడా ఉంది. రైతుకు టెన్షన్ పట్టుకుంది. మందు పనిచేయలేదనుకున్నాడు. కానీ వాపు అక్కడే ఆగింది, మర్నాడు జ్వరం 103కు దిగింది, మేత మానలేదు. జ్వరం తగ్గుతూ మేత పెరిగితే మంచిది, జ్వరం తగ్గుతూ మేత మానేస్తే చెడ్డది. పెయ్యకూ కోడెకూ తేడా చెప్పింది అదే. ఐదు రోజులు పెన్సిలిన్ నడిచింది. తర్వాతి వారాల్లో జబ్బ మీద చర్మం ఒక చోట ఎండి ఊడి పుండైంది, దాన్ని రోజూ కడిగి ఈగలు వాలకుండా చూసుకున్నారు. కోడె బతికింది. ఆ జబ్బ కండ కొంచెం లోతుకు పోయి నడకలో చిన్న తేడా మిగిలింది.

రెండింటికీ ఒకే జబ్బు, ఒకే మందు. తేడా కొన్ని గంటలే. అందుకే ఒక పశువుకు జబ్బవాపు తేలగానే నా సమయంలో ఎక్కువ భాగం మిగతావాటికే ఇస్తాను.

చచ్చిన పెయ్యను కోసి చూసే ముందు చెవి సిర నుంచి రక్తం తీసి స్లయిడ్ మీద పరీక్షించాం. హఠాత్తుగా చచ్చిన ఏ పశువునైనా ఇది చేయకుండా కోయకూడదు. దొమ్మ రోగం అయితే కోసిన చోటల్లా ఆ స్పోర్లు పుడతాయి, అది మనుషులకూ వస్తుంది. ఇక్కడ స్లయిడ్‌లో దొమ్మ క్రిములు లేవు, రక్తం చక్కగా గడ్డకట్టింది, ముక్కు నుంచీ మలద్వారం నుంచీ నల్లటి రక్తం కారడం లేదు. ఆ తర్వాతే తొడ మీద ఒక్క కోత పెట్టాను. కండ నల్లటి ఎరుపులో, పొడిగా, స్పాంజిలా బుడగలతో ఉంది. ముక్కిపోయిన వెన్న వాసన వచ్చింది. అంచు వైపు కండ మాత్రం తడిగా, రక్తంతో ఉంది. రెండు చోట్ల నుంచీ చిన్న ముక్కలు తీసి మంచులో పెట్టి ల్యాబ్‌కు పంపాం. ఇది చచ్చిన కొద్ది గంటల్లోనే జరగాలి. ఆలస్యమైతే పేగుల నుంచి క్లాస్ట్రిడియం సెప్టికం లాంటివి శవమంతా పాకి ఫలితాన్ని గందరగోళం చేస్తాయి. రిపోర్టులో షోవియై అనే వచ్చింది.

తోలు తీయనివ్వలేదు. దాని గురించి కొంత వాదన జరిగింది. కోత పెట్టిన చోట సున్నం కూరి, గుడ్డ కట్టి, నేల మీద ఈడ్చకుండా పరదా మీద వేసి తీసుకెళ్లారు. నీళ్లు నిలవని మెరకలో, బావికి దూరంగా ఆరడుగులకు పైగా గొయ్యి తీసి, కిందా పైనా సున్నం చల్లి పూడ్చి, మీద ముళ్లకంప వేశారు. మేత బీడు అంచునో వాగు ఒడ్డునో పూడిస్తే మళ్లీ అదే కథ మొదలవుతుంది. ఆ ఇంటి పెద్దావిడ అప్పుడే చెప్పింది, గుంట తవ్విన పక్క చేలోనే తన చిన్నప్పుడు పశువుల్ని పూడ్చేవాళ్లని. దాన్ని నేను రుజువుగా తీసుకోను, కానీ ఆ మట్టి కుప్ప వైపు మందను పోనివ్వద్దని చెప్పడానికి అది చాలు.

ఇక టీకా పడిందన్న జవాబు. రైతు అబద్ధం చెప్పలేదు. మందకు టీకా పడింది, ఆ పెయ్యకు పడలేదు. కిందటి ఏడాది టీకా రోజున దానికి రెండు నెలలు. కోడె అప్పుడే పుట్టింది. తొమ్మిది నెలల ఇంకో పెయ్య అప్పటికి పుట్టనే లేదు. మొత్తం 11లో ఈ మూడింటికే రక్షణ లేదు, జబ్బుపడిన రెండూ వీటిలోవే. పెద్ద పశువుల టీకాకు ఏడాది దాటినా వాటికి ఏటేటా పడిన డోసుల బలం ఉంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పశువులనే ఈ జబ్బు ఎక్కువగా పట్టడానికీ, ఏడాదికోసారి టీకా వేసే మందల్లో ఏర్పడే ఈ ఖాళీకీ చక్కగా జత కుదురుతుంది. ముర్రుపాల రక్షణ కొన్ని నెలల్లో కరిగిపోతుంది, ఆ తర్వాత మళ్లీ టీకా రోజు వచ్చేదాకా దూడ ఖాళీగా ఉంటుంది. అందుకే ఇప్పుడు నేను మందకు టీకా పడిందా అని అడగను, ఒక్కో దూడ ఎప్పుడు పుట్టిందని అడుగుతాను.

ఆ రోజే జ్వరం లేని తొమ్మిదింటికీ టీకా వేశాం. కోడెకు కోలుకున్నాక వేశాం. ఖాళీగా ఉన్న తొమ్మిది నెలల పెయ్యకూ మిగతా రెండు దూడలకూ టీకాతో పాటు కిలోకు 10,000 యూనిట్ల పెన్సిలిన్ కండలోకి ఇచ్చాం. టీకాతో యాంటీబయోటిక్ ఇవ్వకూడదని చాలామంది అనుకుంటారు. అది దొమ్మ టీకా లాంటి జీవ టీకాలకు వర్తిస్తుంది. జబ్బవాపు టీకాలో ఉన్నది చంపిన క్రిమి, పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. పైగా టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఆ మధ్యకాలాన్ని పెన్సిలిన్ కొంతవరకు కాస్తుంది.

ఆ రెండు వారాల గురించి ముందే గట్టిగా చెప్పకపోతే గొడవలు వస్తాయి. ఇక్కడా వచ్చింది. భయపడి పక్క మందవాళ్లు కూడా టీకా వేయించారు, జ్వరం చూడకుండానే. నాలుగో రోజు అందులో ఒక దూడ తొడ వాచి చచ్చింది. "టీకా వల్లే పోయింది" అన్న మాట ఊరంతా తిరిగింది. చంపిన క్రిమితో జబ్బు రాదు. టీకా రోజుకే ఆ దూడ కండలో స్పోర్లు మొలుస్తూ ఉండొచ్చు, లేదా టీకా కోసం పడేసి కట్టేటప్పుడు కమిలిన చోట లేచి ఉండొచ్చు. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జబ్బు తిరుగుతున్న చోట టీకా వేసేటప్పుడు పశువును కొట్టకుండా, తోసుకోనివ్వకుండా, పడేయకుండా నిలబెట్టే వేయాలి. మెడ పక్క చర్మం పైకి లాగి కింద వేయాలి, తొడలోకి కాదు. తొడలో వేస్తే కండ కమలడమే కాదు, తర్వాత అక్కడ వాపు వస్తే టీకా గడ్డో జబ్బవాపో తేల్చుకోలేం. మెడ మీద నిమ్మకాయంత గడ్డ లేచి కొన్ని వారాలు ఉండటం మామూలే. అది గట్టిగా ఉంటుంది, నొక్కితే చిటచిటమనదు, పశువు మేత మానదు.

సీసా మీదున్న మోతాదే వేయాలి, కంపెనీని బట్టి, ఒక్క జబ్బుకా రెండు మూడు జబ్బులకు కలిపిందా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఎండకు పాడవుతుందని భయపడి ఐసు ముక్కల మధ్య సీసా కూరేవాళ్లను చూశాను. పటిక కలిపిన టీకా ఒకసారి గడ్డకడితే, కరిగాక రేణువులు ముద్దలై త్వరగా అడుగుకు దిగిపోతాయి. ఊపినా సమంగా కలవని సీసాను పారేయాలి. అది వేస్తే కార్డు మీద టీకా పడినట్టుంటుంది, పశువులో ఉండదు.

ఈ మందకు ఆ తర్వాత వేసిన పట్టిక మామూలు కన్నా కొంచెం భిన్నంగా ఉంది. ఆ మూడు దూడలకూ, కోలుకున్న కోడెకూ నాలుగు వారాలకు రెండో డోసు వేశాం. చంపిన టీకాలో మొదటి డోసు శరీరానికి పరిచయం చేస్తుంది, గట్టి రక్షణ రెండోదానితోనే వస్తుంది. ఏటేటా వేసే పెద్ద పశువులకు వానలకు కనీసం మూడు వారాల ముందు ఒక డోసు చాలు. తొలిసారి వేసే దూడలకు మాత్రం వెనక్కి లెక్కపెట్టాలి. రెండు డోసుల మధ్య నాలుగు వారాలు, రెండోది పనిచేయడానికి రెండు వారాలు, అంటే వానకు ఆరు వారాల ముందే మొదలుపెట్టాలి. టీకా రోజుకు ఆరు నెలలు నిండని దూడల పేర్లు, పుట్టిన తేదీలు కొట్టం గోడ మీద రాసి పెట్టమన్నాను. ఏ నెలలో ఆరు నెలలు నిండితే ఆ నెలలోనే వాటికి విడిగా టీకా పడాలి. సీసా తెరిస్తే చాలా పశువులకు సరిపడా ఉంటుంది, ఒక్క దూడ కోసం ఎవరూ తెరవరు. అందుకని పక్క మందల్లో అదే వయసు దూడలను లెక్క చూసి, ఒకే రోజుకు పిలుస్తున్నాం. తొమ్మిది నెలల పెయ్యకు ఏమీ కాలేదు. పుట్టిన తేదీతో గోడ మీద రాసిన మొదటి పేరు, ఆ పక్క మందలో చచ్చిన దూడ తర్వాత పుట్టిన తమ్ముడిది.